బెంచీకొక పలక

పుంగనూరులో నేను పాఠాలు చెప్పిన గది అంతకుముందు వేరుశెనక్కాయలు నిలవ చేసిన కొట్టు. రేకుల కప్పు, ఒకే కిటికీ. గోడ మీద నల్లరంగు పూసిన చదరమే బోర్డు. అందులో అరవై మందికి పైగా ఒకటో తరగతి పిల్లలు. నలుగురు కూర్చునే బెంచీలు ఒకదాని వీపుకు ఒకటి ఆనుకుని ఉండేవి. వెనక బెంచీ పిల్లకు సుద్దముక్క ఇవ్వాలంటే నాలుగైదు చేతులు మారాల్సిందే. బయట బోర్డు మీద మాత్రం ఇంగ్లీషు మీడియం అని ఎర్రక్షరాలతో ఉండేది. ఆ బోర్డు చూసి చుట్టుపక్కల పల్లెల వాళ్లు పాలు అమ్ముకున్న డబ్బుతో పిల్లల్ని పంపేవాళ్లు.

నేను ఆ ఉద్యోగంలో చేరింది చదువు మీద ప్రేమతో కాదు. గుర్రంకొండ దగ్గరి పల్లెలో నా భర్త బోరు మోటారు వెయ్యబోయి కరెంటు కొట్టి పోయాడు. ఆ తర్వాత మదనపల్లెలో మా అమ్మ, అన్న ఉన్న ఇంటికి వచ్చేశాను. డిగ్రీ ఉంది కదా, ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందని అన్న తనకు తెలిసిన కరస్పాండెంటుతో మాట్లాడి నన్ను అక్కడ చేర్చాడు. నాకేమీ పిచ్చెక్కలేదు. అసలు నాకేమీ కాలేదు. శవాన్ని తీసుకొచ్చినప్పుడు ఏడవలేదు, దినాలకు ఏడవలేదు. ఊళ్లో ఆడవాళ్లు నా ముఖంలోకి వంగి వంగి చూసి, "బెల్లం కొట్టిన రాయి మాదిరి ఉండాదే" అని చెవులు కొరుక్కున్నారు. వినపడింది. కోపం కూడా రాలేదు. పొద్దున్నే లేవడం, బస్సెక్కడం, అరవడం, బస్సు దిగడం, తినడం. నాలోపల ఎవరో మెయిన్ ఆపేసినట్టు ఉండేది.

నాకు ఒక్కతే కూతురు. ఆరేళ్లది. దాన్ని కూడా నా తరగతిలోనే వేశారు. రోజూ నాతోనే బస్సులో పోయి నాతోనే వచ్చేది. అది వాళ్ల నాయన ఉన్నప్పుడు వసపిట్ట. ఆయన పోయాక నోరు మూతపడింది. "అన్నం పెట్టనా?" అంటే తల ఊపుతుంది. "కడుపు నొప్పా?" అంటే తల అడ్డంగా ఆడిస్తుంది. అంతే. మదనపల్లెలో డాక్టరు చెవులూ గొంతూ చూసి అంతా బాగానే ఉంది, భయంతో ఇట్లా అవుతుంది అన్నాడు. మా అమ్మ ఊరుకుంటుందా! వసకొమ్ము అరగదీసి తేనెతో కలిపి రోజూ దాని నాలుకకు రాసేది. ఆ ఘాటుకు పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగేవి గానీ మాట మాత్రం ఊడిపడేది కాదు.

చేరిన కొన్ని నెలలకు కరస్పాండెంటు నన్నూ ఇంకో టీచరునూ కుప్పానికి శిక్షణకు పంపాడు. అక్షరాల పేర్లు కాదు, అక్షరాల శబ్దాలు నేర్పే పద్ధతి, ఫోనిక్స్. అప్పుడే కొత్త మోజు. అక్కడ హాల్లో ప్రొజెక్టరు పెట్టి తెర మీద రంగురంగుల బొమ్మలు వేశారు. బొమ్మ రాగానే మేమంతా శబ్దం చెప్పాలి. నాతో వచ్చిన టీచరు నన్ను మోచేత్తో పొడిచి, "మన రేకుల కొట్టంలో తెర యాడ కడతారు మేడమ్, సూరుకా?" అంది. నేను నవ్వలేదు. ఆమె నన్ను మళ్లీ పలకరించలేదు పాపం.

శిక్షణ ఇచ్చినావిడ పెద్దావిడ. తెలుగులో సగం అరవం కలిపి మాట్లాడేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఎవరో లేచి, మా బళ్లల్లో ప్రొజెక్టరు కాదు గదా ఫ్యాను కూడా లేదని గట్టిగా అడిగారు. ఆవిడ ఏమీ నొచ్చుకోలేదు. ప్రొజెక్టరు ఆపేసి మమ్మల్ని వరసకు నలుగురు చొప్పున కింద కూర్చోబెట్టి, వరసకొక పలక ఇచ్చింది. "పదం నేను సెప్ప. శబ్దం మాత్రమే సెప్తా" అంది. 'ప్' అనగానే మొదటి మనిషి ఆ అక్షరం రాసి పలక పక్కకివ్వాలి. 'ఇ' అనగానే రెండో మనిషి. 'న్' అనగానే మూడో మనిషి. నాలుగో మనిషి పలక మీద వేలు జరుపుతూ మూడు శబ్దాలూ విడివిడిగా పలికి, తర్వాత కలిపి పదం చదవాలి. పిన్. పక్కవాళ్లు జవాబు అందించకూడదు. తర్వాతి పదానికి మొదలుపెట్టే చోటు ఒక మనిషి జరుగుతుంది. అప్పుడే అందరికీ అన్ని పనులూ వస్తాయి. లేకపోతే ఒకడు ఎప్పుడూ మొదటి అక్షరమే రాసి, ఏడాదంతా చదవకుండానే గడిపేస్తాడు.

ఇంకొకటి కూడా చెప్పింది. మన పిల్లలు 'ప్' అనమంటే 'ప' అంటారు. తెలుగు నాలుక అట్లాంటిది. ప, ఇ, న అని ఎంత గబగబా కలిపినా పిన్ రాదు. అందుకని నోటి ముందు చిన్న కాగితం ముక్క పట్టుకోమంది. పెదాలు ఊదిన గాలికి కాగితం కదలాలి, గొంతు మాత్రం రాకూడదు. నేను అరచేతిలో కాగితం పట్టుకుని ప్, ప్ అని ఊదుకుంటూ కూర్చున్నాను. నాకు కాస్త హాయిగా ఉండింది. గొంతు వాడనక్కర లేని పని కదా.

కుప్పం నుంచి ఇల్లు చేరిన రాత్రి మా అమ్మ అన్నం వడ్డిస్తూ, "నువ్వు లేనప్పుడు పిల్ల ఏందో గొణిగింది మ్మా. కోడిపెట్టతో మాట్లాడినట్టుండె" అంది. నన్ను ఊరడించడానికి అంటోందనుకున్నాను. పప్పు బాగుందని చెప్పి లేచాను.

పుంగనూరులో ఆట మొదలుపెట్టాను. నాది ఒకటే చట్టం. బెంచీకొక పలక. రెండోది కనిపిస్తే ఆ బెంచీ అవుట్. పలక చేతి నుంచి చేతికే పోవాలి, నేను శబ్దం చెప్పకముందు రాయకూడదు. ముందుగా ఆరు శబ్దాలే తీసుకున్నాం. వాటితోనే బోలెడు పదాలొస్తాయి. పిన్, టిన్, టిప్, సిట్. అందరికంటే ముందు ఏ బెంచీ నాలుగో పిల్ల లేచి సరిగ్గా చదివితే ఆ బెంచీకి ఒక చింతపిక్క. శనివారం సాయంత్రం ఎవరి దగ్గర ఎక్కువ చింతపిక్కలుంటే ఆ బెంచీ వాళ్లు ఇంటి గంట కొట్టొచ్చు. ఆ గంట కోసం కొట్టుకు చచ్చేవాళ్లు పిల్లలు! మూడు శబ్దాలు చెప్పే లోపలే గది తేనెతుట్టె కదిలినట్టయ్యేది. పక్క గదిలో రెండో తరగతి చెప్పే సారు గోడ మీద బాదేవాడు. నేను వినీ విననట్టు ఊరుకునేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ గోల నాకు మేలు చేసింది. అంత గోలలో మనిషి ఏమీ ఆలోచించక్కర్లేదు.

నా కూతురు కిటికీ పక్క బెంచీలో గోడవారన కూర్చునేది. రాయడంలో వంక పెట్టడానికి లేదు. శబ్దం నా నోట్లోంచి రావడం ఆలస్యం, అక్షరం పలక మీద ఉండేది. కానీ నాలుగు పదాలకొకసారి చదివే వంతు దానికొస్తుంది కదా. అప్పుడు లేచి నిలబడేది. పలక మీద వేలు జరిపేది. పెదాలు కదిలేవి కూడా. గొంతు రాదు. నేను కాసేపు చూసి, ఇంకో బెంచీ వైపు తిరిగేదాన్ని. చింతపిక్క వాళ్లకు పోయేది. దాని బెంచీలో మిగిలిన ముగ్గురికీ ఏడుపొచ్చేది.

దాని పక్కన కూర్చునే పిల్ల పాలాయన కూతురు, పెద్ద గయ్యాళి. ఒకరోజు నా కుర్చీ దగ్గరికొచ్చి చేతులు కట్టుకుని నిలబడింది.

"మిస్, ఈ పాపను వేరే బెంచీకి మార్చండి మిస్. దీనివల్ల మాకు గంట రాకుండా పోతాండాది."

"దానికి మాట రాదు కదమ్మా" అన్నాను.

"యాల రాదు మిస్? నీళ్లకాడ బాగా మాట్లాడతాది. మీరుంటే మాట్లాడదు, అంతే."

పిల్లలు నోటికొచ్చినట్టు అబద్ధాలాడతారు. గంట కోసం ఇంకా ఆడతారు. పోయి కూర్చో అన్నాను.

ఆ మాఘమాసంలో కరస్పాండెంటు నన్ను ఆఫీసు గదికి పిలిచాడు. మంచివాడే. కుర్చీలో ఇటూ అటూ కదిలాడు పాపం. "ఏడాది పరీక్షలో నోటిపరీక్ష ఉంటాది గదమ్మా. టీచరు బిడ్డ గదాని ఊరికే పైకి పంపిస్తే తక్కినోళ్లు ఒప్పుకోరు. మీ అన్నకు కూడా చెప్పినా. తిరుపతిలో మూగపిల్లల బడి ఉండాది, హాస్టలు ఉండాది. ఆడ వేస్తే బాగా చూసుకుంటారు" అన్నాడు. ఇంటికొచ్చేసరికి అన్న అప్పటికే ఎవరితోనో మాట్లాడి ఉన్నాడు. "సూడు మ్మా, పరీక్షలు కానీ. అప్పటికీ నోరు తెరవకపోతే ఎండాకాలం సెలవల్లో తీసుకుపోయి చేర్చేద్దాం. ఎన్ని దినాలని ఇట్లా పెట్టుకుంటావు?"

సరే అన్నాను. అన్నానా? అన్నాను. నాకు ఉన్నది అదొక్కటే. దాన్ని కూడా తిరుపతి బస్సెక్కించి పంపిస్తానని నోటితో ఒప్పుకుని, చెయ్యి కడుక్కుని పడుకున్నాను. నిద్ర కూడా పట్టింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ నిద్రే నాకు భయం వేస్తుంది.

పరీక్షలకు ముందు శనివారం. మధ్యాహ్నం రేకులు కాలిపోతున్నాయి. ఆరోజు ఏ మహిమో గానీ నా కూతురి బెంచీ, తలుపు పక్క బెంచీ సమానంగా ఉన్నాయి. చివరి పదం మిగిలింది. చదివే వంతు ఎవరిదో పిల్లలు ముందే లెక్కేసుకుంటారు. కిటికీ బెంచీలో అది నా కూతురిది. పాలాయన కూతురు అప్పుడే ఓడిపోయినట్టు బుగ్గలు ఉబ్బించుకుని కూర్చుంది. తలుపు పక్క బెంచీ వాళ్లు గంట తాడు వైపు చూసుకుంటున్నారు.

"ట్" అన్నాను. సుద్దముక్కలు టకటకలాడాయి. పలకలు జరిగాయి.

"ఇ."

నేను మూడో శబ్దానికి నోరు తెరవబోతూ ఉంటే వెనక నుంచి ఒక గొంతు గది చీల్చుకుని వచ్చింది.

"దొంగాట! దొంగాట! వాళ్లకాడ రెండు పలకలుండాయి!"

ఆ గొంతు ఎవరిదో నాకు వెంటనే తెలియలేదు. ఏడాదిగా వినలేదు కదా. నా కూతురు బెంచీ మీద ఎక్కి నిలబడి ఉంది. ముఖం ఎర్రగా కందిపోయింది. వేలు తలుపు వైపు చూపిస్తోంది.

"కాళ్లకింద పెట్టుకోని ఉండారు సూడు మా! టిన్, టిప్ రెండూ ముందే రాసి పెట్టినారు! ఏదొస్తే అది ఎత్తుతారు! నీకు కనపళ్లేదా మా?"

మిస్ అనలేదు. అమ్మను పిలిచినట్టు మా అంది. తలుపు పక్క బెంచీ దగ్గరికి పిల్లల భుజాల మీద నుంచే వంగి చూశాను. నిజమే. బెంచీ కింద ఇంకో పలక, దానికి ఒక్కో వైపు ఒక్కో పదం. ముగ్గురు తల వంచుకున్నారు, ఒకడు ఏడుపు మొదలుపెట్టాడు. తిట్టాల్సింది పోయి వాళ్ల కాళ్లకు మొక్కాలనిపించింది.

"మూడోది సెప్పండి మిస్!" అని పాలాయన కూతురు అరిచింది. ఆ పిల్లకు లోకం తలకిందులైనా గంటే ముఖ్యం.

"న్" అన్నాను. వినపడేట్టు అన్నానో లేదో.

పలక నా కూతురి చేతికొచ్చింది. అది ఇంకా కోపంలోనే ఉంది. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి కొట్టినట్టు చదివింది. "ట్. ఇ. న్. టిన్!" ఎక్కడా అదనపు అకారం లేదు. కుప్పం ఆవిడ ఉండి ఉంటే మెచ్చుకునేది. చింతపిక్క ఇచ్చాను. నలుగురూ పరిగెత్తిపోయి గంట కొట్టారు. ఎంతసేపు కొట్టారంటే కరస్పాండెంటు ఆఫీసులోంచి లేచి వచ్చి, "ఏమమ్మా, ఏమైంది?" అని అడిగాడు. "మా పాప మాట్లాడింది సార్" అన్నాను. ఇంక తిరుపతి పేరు ఎవడెత్తుతాడో చూస్తాను అనుకున్నాను. ఏడాది తర్వాత నాకొచ్చిన మొదటి కోపం అది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. అడిగితే మళ్లీ మూసుకుంటుందేమోనని నా భయం. చివరికి ఉండబట్టలేక అడిగేశాను.

"పాపా, ఇన్ని దినాలు నాతో యాల మాట్లాడలేదు?"

అది బయటకు చూస్తూనే చెప్పింది. "అవ్వ చెప్పింది గదా."

"ఏమని చెప్పింది?"

"అమ్మకాడ నాయన మాట ఎత్తొద్దు, ఎత్తితే అమ్మ ఏడుస్తాది, ఏడిస్తే అమ్మ కూడా సచ్చిపోతాది అని చెప్పింది. నాకు నోరు తెరిస్తే అదే వచ్చేస్తాది మా. అందుకని మూసుకున్యా."

మా అమ్మ! దినాల ఇంట్లో పసిపిల్లను పక్కకు పిలిచి, నా మంచికే, ఆ మాట చెప్పి ఉంటుంది. చెప్పి మరిచిపోయింది. తర్వాత ఏడాదంతా ఆ నాలుకకు వస రాసింది. నవ్వాలో ఏడవాలో తెలియని పని. నీళ్ల దగ్గర మాట్లాడింది, కోడిపెట్టతో మాట్లాడింది. నేను ఉన్న చోటే దాని నోటికి తాళం. ఇంట్లో నేనే, బస్సులో నేనే, బళ్లోనూ నేనే.

"నేను సావను పాపా" అన్నాను. "నాయన మాట ఎత్తు. ఏముండాదో చెప్పు."

అది ఇటు తిరిగి నా ముఖం పరీక్షగా చూసింది. తర్వాత చిన్నగా అంది.

"నాయన ఆపొద్దు మోటారు కాడికి పోతా నన్ను రమ్మని పిలిచినాడు మా. నేను ముగ్గు గీసుకుంటా ఉండా. రానుపో అన్యా. నేను పోయింటే కేకేసిందును గదా. నువ్వు వచ్చిందువు గదా."

ఆరేళ్ల పిల్ల. ఏడాది పాటు ఒక్కతే మోసింది దాన్ని. ఏడుపు రాక మూగబోయింది నేనొక్కదాన్నే అనుకున్నాను గానీ, నా ఎదురుగా ఒక బిడ్డ ఇంత బరువుతో రోజూ లేచి నిలబడి, పెదాలు కదిపి, కూర్చుంటోందని నాకు తట్టలేదు.

"నువ్వు పోయింటే నాయనను పట్టుకునిందువు. నువ్వు కూడా నాకు లేకుండా పోయిందువు" అన్నాను. "నువ్వు పోకపోవడమే మంచిదైంది. ముగ్గు గీసుకుంటా ఉండావు, అంతే. నీ తప్పు ఏమీ లేదు నా తల్లీ."

ఈ మాట అంటుండగానే నా లోపల ఏదో తెగింది. ముందు ముక్కు కారింది, తర్వాత బస్సంతా చూస్తున్నా ఆపుకోలేకపోయాను. శవం మీద పడి ఏడవని దాన్ని, మదనపల్లె బస్సులో టమాటా బుట్టల మధ్య భోరున ఏడ్చాను. ముందు సీటు పెద్దాయన తిరిగి చూసి, "ఏమైంది మ్మా, యాడన్నా నొప్పిగా ఉండాదా?" అని అడిగాడు. తల ఊపాను.

పిల్ల బెదిరిపోయి రెండు చేతులతో నా గడ్డం పట్టుకుంది. "అవ్వ చెప్పింది నిజమే గదా. ఏడుస్తాండావు. నేను మాట్లాడను మా, ఊరుకో."

"వద్దు" అన్నాను. "నన్ను ఏడవనీ. నువ్వు మాత్రం ఆపొద్దు."

అది కాసేపు నా వైపే చూసింది. నేను చావడం లేదని నమ్మకం కుదిరాక మెల్లగా మొదలుపెట్టింది. నాయన సైకిలు మీద ముందు కూర్చోబెట్టుకోవడం, నాయన మీసం గుచ్చుకోవడం, సంతలో గాజులు కొనిస్తానని కొనివ్వకపోవడం. మదనపల్లె బస్టాండు వచ్చేదాకా అది చెబుతూనే ఉంది, నేను ఏడుస్తూనే ఉన్నాను.